నలుగురం, పదహారు వారాలు, ఒక ల్యాబ్ యాప్: స్కోప్, వారం ప్లాన్ ఎలా వేసుకున్నామంటే

ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్‌కి మేం తీసుకున్నది ల్యాబ్ సామాన్లు ఇచ్చి పుచ్చుకునే యాప్. ప్రాజెక్ట్ ల్యాబ్‌లో బోర్డులు, సెన్సర్ కిట్లు, మల్టీమీటర్లు ఉంటాయి, స్టూడెంట్స్ పట్టుకెళ్లి వారం పది రోజులు వాడుకుని తెచ్చి ఇస్తారు, ఆ లెక్కంతా ఒక రిజిస్టర్‌లో రాస్తారు. ఆ రిజిస్టర్ పని ఫోన్‌లో జరగాలి, ఏ బోర్డు ఎవరి దగ్గరుందో వెతుక్కోకుండా తెలియాలి. ఐడియా ఇంతే. జూనియర్లు కలిసినప్పుడల్లా ఏ టెక్నాలజీ వాడారు, డేటాబేస్ ఏది అని అడుగుతున్నారు కానీ, నన్నడిగితే మమ్మల్ని గట్టెక్కించింది మొదటి వారంలో కూర్చుని రాసుకున్న రెండు పేజీల ప్లాన్. అందుకని దాని గురించే వివరంగా రాస్తున్నా.

మొదట నలుగురం కూర్చుని ఏమేం ఉండాలో రాస్తే పంతొమ్మిది ఫీచర్లు తేలాయి. లాగిన్, వెతకడం, బుకింగ్, నోటిఫికేషన్లు, క్యూఆర్ స్కాన్, ఫైన్ కట్టించుకోవడం, చాట్, రేటింగ్, అడ్మిన్ డాష్‌బోర్డ్, డార్క్ మోడ్, ఇలా. ఎవరికి ఏది తోస్తే అది రాశారు, ఒక్కటి కూడా వద్దనిపించలేదు. అప్పుడు మాలో ఒకమ్మాయి "సరే, ఇవన్నీ చెయ్యడానికి మన దగ్గర ఎన్ని గంటలున్నాయి?" అని అడిగింది. ఆ ప్రశ్న ఆ రోజే రావడం మంచిదైంది.

లెక్క ఇలా వేశాం. సెమిస్టర్ పదహారు వారాలు. రెండు మిడ్ పరీక్షల వారాల్లో ఎవరూ ల్యాప్‌టాప్ తెరవరు కాబట్టి అవి తీసేస్తే పద్నాలుగు. చివరి మూడు వారాలు రిపోర్ట్, పీపీటీ, వైవాకే పోతాయి, కాబట్టి కోడ్‌కి మిగిలేది పదకొండు. క్లాసులు, ప్లేస్‌మెంట్ టెస్టులు పోను ఒక్కొక్కరు వారానికి నిజాయితీగా ఇవ్వగలిగింది ఎనిమిది గంటలు. నలుగురికి 32, పదకొండు వారాలకి 352 గంటలు. ఇందులో మూడో వంతు ఒకరి పని ఒకరితో కలపడానికి, బగ్గులకి, మాట్లాడుకోవడానికి పోతుందని పక్కన పెడితే మిగిలేది సుమారు 235. ఒక ఫీచర్ అంటే స్క్రీన్ ఒక్కటే కాదు కదా, వెనకాల ఏపీఐ, టేబుల్, తప్పుడు ఇన్‌పుట్ ఇస్తే ఏం జరగాలన్నది, ఫోన్‌లో పరీక్షించడం, అన్నీ కలిపి ఇరవై గంటలు వేసుకున్నాం. అంటే పదకొండు, మహా అయితే పన్నెండు ఫీచర్లు. పంతొమ్మిదిలో ఏడెనిమిది పోవాల్సిందే, అదీ అందరూ చెప్పిన గంటలు చెప్పినట్టు పనిచేస్తేనే.

ఏవి పోవాలన్నది మాలో మేమే వాదించుకుంటే తేలేది కాదు. అందుకే మొదటి వారంలోనే వెళ్లి ల్యాబ్ అసిస్టెంట్ దగ్గర ఒక మధ్యాహ్నం కూర్చున్నాం. ఆయన్ని మేం అన్న అనే పిలుస్తాం. "అన్నా, ఎవరైనా బోర్డు అడిగితే మీరు మొదటి నుంచి చివరిదాకా ఏం చేస్తారో చూపించండి" అన్నాం. రిజిస్టర్ తెరిచి చూపించాడు. తేదీ, రోల్ నంబర్, సామాను మీద అంటించిన స్టిక్కర్ నంబర్, సంతకం, తిరిగిచ్చిన తేదీ. ఐదు గళ్లు. వాటిని చూస్తూ కూర్చుంటే మేం ఊహించని సంగతులు మూడు బయటపడ్డాయి.

జంపర్ వైర్లు, ఎల్‌ఈడీలు, రెసిస్టర్లు ఆయన రిజిస్టర్‌లో ఎక్కడా లేవు. "అవి తిరిగొచ్చేవి కాదమ్మా, గుప్పెడు తీసి ఇచ్చేస్తా" అన్నాడు. మేం మాత్రం వాటికి కూడా స్టాక్ లెక్క చూపించాలని గీసుకున్నాం. స్టిక్కర్ ఉన్న సామానుకి ఒక్కో దానికి ఒక్కో వరుస రాస్తే సరిపోతుంది, వైర్లకైతే ఎన్ని ఉన్నాయన్న లెక్క కావాలి, అంటే డేటాబేస్ డిజైనే వేరు. ఆ ఒక్క మాటతో వైర్లు, ఎల్‌ఈడీలు మొత్తం స్కోప్ నుంచి పోయాయి.

రెండోది, మేం అనుకున్న వరుస ఇది: స్టూడెంట్ అడుగుతాడు, అన్న ఒప్పుకుంటాడు, తర్వాత సామాను ఇస్తాడు. ఆయనేమో "ముందే ఒప్పుకోవడానికి నేను ఫోన్ పట్టుకుని కూర్చోను, వచ్చి నా ముందు నిలబడితే ఐడీ కార్డు చూసి ఇస్తా" అన్నాడు. దాంతో ఒక స్క్రీన్, దాని వెనక ఉన్న పనంతా ఎగిరిపోయింది. మిగిలింది మూడే అడుగులు: స్టూడెంట్ ఫోన్‌లో బుక్ చేసి పట్టి పెట్టుకుంటాడు, అన్న చేతికిస్తాడు, తర్వాత వెనక్కి తీసుకుంటాడు.

మూడోది మాత్రం పని పెంచింది. పట్టి పెట్టుకున్నవాడు రాకపోతే? ఇప్పటిదాకా ఆ సమస్యే లేదు, ఎందుకంటే రిజిస్టర్‌లో ముందస్తు బుకింగ్ అన్నదే లేదు. యాప్ పెడితే ఈ కొత్త సమస్య మేమే తెచ్చిపెడుతున్నాం. ఒకడు బటన్ నొక్కి మర్చిపోతే ఆ బోర్డు అలమరాలోనే ఉంటుంది, యాప్‌లో మాత్రం దొరకదు. కాబట్టి నాలుగు గంటల్లో రాకపోతే ఆ బుకింగ్ తనంతట తనే పోవాలి అని రాసుకున్నాం. ఇది ఎవరి ఫీచర్ లిస్టులోనూ లేదు, కానీ ఇది లేకుండా యాప్ పనికిరాదు.

ఆ సాయంత్రం స్కోప్ ఒక్క వాక్యంలో రాశాం: "స్టిక్కర్ నంబర్ ఉన్న ల్యాబ్ సామానుని స్టూడెంట్ ఫోన్‌లో పట్టి పెట్టుకుంటాడు, ల్యాబ్ అసిస్టెంట్ ఇస్తాడు, తిరిగి తీసుకుంటాడు, ఏ క్షణంలోనైనా ఏది ఎవరి దగ్గరుందో ఇద్దరికీ కనిపిస్తుంది." కింద మూడు గళ్లు గీశాం. తప్పనిసరి, టైముంటే చేసేవి, ఈ ప్రాజెక్టులో లేనివి. వాక్యంలో ఉన్న పని ఆగిపోయేలా ఉంటేనే తప్పనిసరి గడిలోకి. లాగిన్, సామాన్ల లిస్టు, పట్టి పెట్టుకోవడం, బుకింగ్ గడువు, ఇవ్వడం, తిరిగి తీసుకోవడం, నా దగ్గరున్నవి, సామాను తిరిగివ్వకుండా గడువు దాటినవాళ్ల లిస్టు, అంతే వచ్చాయి. నోటిఫికేషన్లు, క్యూఆర్, నెలవారీ రిపోర్ట్ రెండో గడిలోకి వెళ్లాయి.

మూడో గడి అన్నిటికంటే ముఖ్యమని నా అభిప్రాయం, ఎందుకంటే అది లేకపోతే వద్దనుకున్నవి మళ్లీ మళ్లీ చర్చకొస్తాయి. ప్రతి దాని పక్కన ఎందుకు లేదో ఒక లైన్ రాశాం. ఉదాహరణకి ప్లే స్టోర్‌లో పెట్టడం. 2023 నవంబర్ 13 తర్వాత తెరిచిన వ్యక్తిగత డెవలపర్ అకౌంట్ అయితే కనీసం 12 మంది టెస్టర్లతో వరసగా 14 రోజులు క్లోజ్డ్ టెస్ట్ నడిపించాకే పబ్లిక్‌గా పెట్టడానికి అప్లై చెయ్యనిస్తారు, దాని మీద 25 డాలర్ల రిజిస్ట్రేషన్ ఫీజు. మా యాప్ వాడేది ఒక ల్యాబ్‌వాళ్లే, ఏపీకే ఫైల్ పంపితే చాలు. కాబట్టి లేదు. ఫైన్ వసూలు లేదు, ఎందుకంటే డబ్బుల సంగతి ఆఫీసు చూసుకుంటుంది, ల్యాబ్ కాదు. చాట్ లేదు, ఎందుకంటే ఇద్దరూ ఒకే గదిలో కలుస్తారు.

గైడ్ మేడమ్ దగ్గరికి తీసుకెళ్తే చదివి, "బాగుంది, కానీ ఏదైనా ప్రిడిక్షన్ పెట్టండి, ఏ బోర్డుకి ఎప్పుడు డిమాండ్ ఉంటుందో చెప్పేది" అన్నారు. ఇలాంటి మాట దాదాపు ప్రతి టీమ్‌కీ ఎదురవుతుంది. కాదు అనడం కష్టం, సరే అంటే వంద గంటలు పోతాయి. మేం రిజిస్టర్ ఫొటోలు తీసుకెళ్లి చూపించాం. "మేడమ్, సెమిస్టర్ మొత్తానికి ఉన్నవి కొన్ని వందల ఎంట్రీలే, అవి కూడా ఏ వారం ఏ సబ్జెక్ట్ ల్యాబ్ ఉందో దాన్ని బట్టి వచ్చినవి. దీని మీద మోడల్ చేస్తే టైంటేబుల్‌లో ఉన్నదే మళ్లీ చెప్తుంది. దానికి బదులు ఏ సామాను ఎక్కువ బయట తిరుగుతోందో లెక్కతో ఒక రిపోర్ట్ ఇస్తాం" అన్నాం. కాసేపు ఆలోచించి ఒప్పుకున్నారు, పేపర్ మీద సంతకం కూడా పెట్టారు. ఆ సంతకం తర్వాత రెండో రివ్యూలో అక్కరకొచ్చింది, ప్యానెల్‌లో ఒక సార్ ప్రిడిక్షన్ ఏదని అడిగితే మా బదులు మేడమే జవాబు చెప్పారు.

ఇక పని పంచుకోవడం. ఎక్కువ టీముల్లో ఒకరు ఫ్రంటెండ్, ఒకరు బ్యాకెండ్, ఒకరు డేటాబేస్, మిగిలిన ఒకరు డాక్యుమెంటేషన్ అని పంచుకుంటారు. వినడానికి సమానంగానే ఉంటుంది కానీ రెండు చోట్ల దెబ్బ తగులుతుంది. ఎవరి ముక్క వాళ్ల దగ్గర పూర్తయినట్టే ఉంటుంది, కలిపినప్పుడు ఏదీ పనిచెయ్యదు, ఆ కలపడం ఎప్పుడూ చివరి నెలకే వస్తుంది. ఇంకోటి, వైవాలో డాక్యుమెంటేషన్ చేసినవాణ్ణి కోడ్ అడుగుతారు, వాడు ఏం చెప్పాలి పాపం. మేం ఇద్దరిద్దరుగా విడిపోయాం. ఒక జంట స్టూడెంట్ వైపు దారి మొత్తం, అంటే స్క్రీన్ నుంచి టేబుల్ దాకా. ఇంకో జంట ల్యాబ్ అసిస్టెంట్ వైపు దారి మొత్తం. ఎవరు చేసిన దాని గురించి రిపోర్ట్‌లో వాళ్లే రాయాలి, అదీ ఆ వారంలోనే. ప్రతి వారం ఒకరు వంతులవారీగా ఏపీకే తయారు చేసి మిగతావాళ్లకి పంపాలి, దీనివల్ల నలుగురికీ బిల్డ్ చెయ్యడం వచ్చింది.

వారం లక్ష్యం ఎలా రాయాలన్న దాని మీద మేం చాలా పట్టుదలగా ఉన్నాం. "బ్యాకెండ్ 50 శాతం", "యూఐ డిజైన్ పూర్తి" లాంటివి రాయకూడదు. ఆ యాభై శాతాన్ని ఎవరూ చూడలేరు, కాబట్టి కాలేదని ఎవరూ అనలేరు. ఫోన్ పట్టుకుని చేసి చూపించగలిగేదే రాయాలి. ఐదో వారానికి మా ప్లాన్‌లో ఉన్నది ఇది: "స్టూడెంట్ రోల్ నంబర్‌తో లాగిన్ అయి, మల్టీమీటర్ అని వెతికితే ఖాళీగా ఉన్నవి మాత్రమే స్టిక్కర్ నంబర్లతో కనిపించాలి." శుక్రవారం సాయంత్రం అరగంట కూర్చుంటాం, ఆ ఫీచర్ రాయని జంట తమ ఫోన్‌లో నడిపి చూస్తుంది. జవాబు అయింది, కాలేదు, రెండే. దాదాపు అయిపోయింది అంటే కాలేదు కిందే లెక్క. ఒకే లక్ష్యం వరసగా రెండు శుక్రవారాలు కాలేదు అని వస్తే దాన్ని ఇంకా చిన్నగా కొయ్యాలి, లేదా తీసేయాలి. మూడో వారానికి అలాగే లాక్కెళ్లకూడదని ముందే రాసుకున్నాం.

మొదటి రెండు వారాలు స్కోప్, కాగితం మీద స్క్రీన్లు, టేబుళ్లు, నాలుగు ల్యాప్‌టాప్‌ల్లో ప్రాజెక్ట్ నడిచేలా చెయ్యడం. నాలుగో దానికి ఎప్పుడూ ఒక రోజంతా పడుతుంది, ఎస్‌డీకే వెర్షన్ ఒకటి, జావా వెర్షన్ ఇంకోటి అని. దాన్ని ప్లాన్‌లో రాసుకోవడమే నయం.

మూడో వారం లక్ష్యం చూసి మా క్లాస్‌లో వాళ్లు ఇంతేనా అన్నారు. లాగిన్ లేదు, లిస్టు లేదు, డిజైన్ లేదు. తెల్ల స్క్రీన్ మీద ఒకే బోర్డు పేరు, ఒక బటన్. స్టూడెంట్ ఫోన్‌లో అది నొక్కితే సర్వర్ దాటి పోస్ట్‌గ్రెస్ టేబుల్‌లో ఒక వరుస పడాలి, ఇంకో ఫోన్‌లో అన్న స్క్రీన్ రిఫ్రెష్ చేస్తే ఆ రోల్ నంబర్ కనిపించాలి. అంతే. కానీ దారి ఈ చివర నుంచి ఆ చివరకి ఒకసారి తెగకుండా పడితే, తర్వాత వచ్చే ప్రతి ఫీచర్ దాని మీద వెడల్పు చేసుకోవడమే. ఆ వారం మాకు తగిలినవన్నీ కోడ్ కాని సమస్యలే. ఎమ్యులేటర్‌లో ల్యాప్‌టాప్ సర్వర్‌ని చేరాలంటే `localhost` పనిచెయ్యదు, `10.0.2.2` ఇవ్వాలి. అది సరిచేస్తే నిజం ఫోన్‌లో ఆగిపోయింది, ఎందుకంటే అక్కడ ఆ అడ్రస్‌కి అర్థం లేదు, ల్యాప్‌టాప్ ఐపీ ఇవ్వాలి. ఐపీ ఇస్తే కాలేజీ వైఫైలో ఒక డివైస్ ఇంకో డివైస్‌తో మాట్లాడనివ్వని సెట్టింగ్ ఉంది. చివరికి కేబుల్ పెట్టి ఈ కమాండ్ ఇస్తే కలిసింది:

```
adb reverse tcp:3000 tcp:3000
```

దీంతో ఫోన్‌లోని `localhost:3000` కేబుల్ మీదుగా ల్యాప్‌టాప్ సర్వర్‌కి వెళ్తుంది. ఇవన్నీ మూడో వారంలో ఒక బటన్‌తో తగిలాయి కాబట్టి రెండు సాయంత్రాలతో పోయాయి. పదమూడో వారంలో పదకొండు స్క్రీన్లతో తగిలితే తప్పు కోడ్‌లో ఉందా, నెట్‌వర్క్‌లో ఉందా అన్నది కూడా తెలిసేది కాదు.

నాలుగో వారం లాగిన్, మొదటి రివ్యూ. లాగిన్ కోసం ఓటీపీ జోలికి వెళ్లలేదు, క్లాస్ లిస్ట్ ఫైల్ నుంచి రోల్ నంబర్లు ఎక్కించి, మొదటిసారి లాగిన్ అయినప్పుడు పాస్‌వర్డ్ మార్చుకోమన్నాం. ఐదులో లిస్టు, వెతకడం. ఆరులో పట్టి పెట్టుకోవడం, చేతికివ్వడం.

ఏడో వారం లక్ష్యం గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ప్రాజెక్ట్‌లో అసలు ఇంజనీరింగ్ ఉన్నది అక్కడే, ప్యానెల్ కూడా దాని మీదే అడిగింది. లక్ష్యం ఇలా రాశాం: "ఇద్దరు స్టూడెంట్స్ ఒకే బోర్డుని ఒకేసారి నొక్కితే ఒక్కరికే దొరకాలి, రెండో వాళ్లకి అర్థమయ్యే మెసేజ్ రావాలి." ముందు రాసిన కోడ్ బోర్డు ఖాళీగా ఉందా అని చూసి, ఉంటే బుక్ చేసేది. మామూలుగా వాడితే ఎప్పుడూ సరిగ్గానే ఉంటుంది. కానీ చూడటానికి, రాయడానికి మధ్య చిన్న సందు ఉంది, ఆ సందులో రెండో రిక్వెస్ట్ కూడా వచ్చి చూస్తే దానికీ ఖాళీగానే కనిపిస్తుంది, ఇద్దరికీ బుక్ అవుతుంది. రెండు ఫోన్లలో ఒకటి రెండు మూడు అని లెక్కపెట్టి నొక్కితే ఇది ఒకసారి వస్తుంది, పదిసార్లు రాదు. కాబట్టి చూసే కోడ్‌కి, రాసే కోడ్‌కి మధ్య కావాలని రెండు సెకన్లు ఆపాం. అప్పుడు నొక్కిన ప్రతిసారీ ఇద్దరికీ బుక్ అయింది. బగ్ ఇలా చేతికి చిక్కాక దాన్ని పోగొట్టామా లేదా అన్నది కూడా అలాగే తేల్చుకోవచ్చు.

సరిచేసింది యాప్‌లో కాదు, డేటాబేస్‌లో:

```sql
CREATE UNIQUE INDEX one_open_loan
ON loans (item_id)
WHERE status IN ('reserved', 'issued');
```

ఒక సామానుకి పట్టి పెట్టుకున్న లేదా బయట ఉన్న వరుస ఒకటే ఉండొచ్చు, తిరిగొచ్చినవి ఎన్నైనా ఉండొచ్చు అని దీనర్థం. రెండో రిక్వెస్ట్ రాయబోతే పోస్ట్‌గ్రెస్ `23505` అనే ఎర్రర్ ఇస్తుంది, దాన్ని పట్టుకుని "ఇప్పుడే వేరేవాళ్లు తీసుకున్నారు" అని చూపించాం. రెండు సెకన్ల ఆలస్యం అలాగే ఉంచి మళ్లీ నొక్కాం, ఒక్కరికే దొరికింది.

ఇక్కడే గడువు సంగతి కూడా అడ్డొచ్చింది. నాలుగు గంటలు దాటిన బుకింగ్‌ని ఈ ఇండెక్స్ లెక్కలోకి తీసుకోకూడదు కదా, అందుకని WHERE లోనే టైం పెడదామనుకున్నారు మావాళ్లు. కానీ ఇండెక్స్ షరతులో `now()` పెట్టనివ్వదు, అది ప్రతిసారీ మారే విలువ కాబట్టి. అందుకే బుక్ చేసేటప్పుడే, ఒకే ట్రాన్సాక్షన్‌లో, ముందు ఆ సామాను మీద గడువు దాటిన వరుసని `lapsed` అని మార్చి, ఆ తర్వాతే కొత్త వరుస రాశాం. లిస్టు చూపించేటప్పుడు కూడా గడువు దాటినవాటిని ఖాళీ కింద లెక్కేశాం. దీనివల్ల అర్ధరాత్రి నడిచే ప్రోగ్రాం ఏదీ విడిగా పెట్టాల్సిన పని పడలేదు. ఈ ఒక్క లక్ష్యం వారం మొత్తం తినేసింది, నలుగురం దీని మీదే ఉన్నాం. తిరిగి తీసుకునే స్క్రీన్ కూడా ఆ వారంలోనే ఉండాలి, అది తొమ్మిదో వారానికి జరిగింది.

ఎనిమిదో వారం మిడ్స్. తొమ్మిదో వారానికి రాసుకున్నది "రిలీజ్ ఏపీకే, కేబుల్ లేకుండా, ల్యాప్‌టాప్ ఆఫ్ చేసి ఉన్నప్పుడు కూడా నాలుగు ఫోన్లలో నడవాలి." చాలామంది దీన్ని వైవా ముందు రోజుకి వదిలేస్తారు. రిలీజ్ బిల్డ్, డీబగ్ బిల్డ్ ఒకేలా నడవవు. మాది ఫ్లట్టర్. అందులో కొత్త ప్రాజెక్ట్ తెరిచినప్పుడు ఇంటర్నెట్ అనుమతి డీబగ్, ప్రొఫైల్ మానిఫెస్ట్‌ల్లో ఉంటుంది, మెయిన్ దాంట్లో ఉండదు. కాబట్టి వారాల తరబడి చక్కగా నడిచిన యాప్ రిలీజ్ ఏపీకే ఇన్‌స్టాల్ చెయ్యగానే ఖాళీ లిస్టు చూపిస్తుంది, క్రాష్ కూడా అవ్వదు. `android/app/src/main/AndroidManifest.xml` లో ఈ ఒక్క లైన్ ఉండాలి:

```xml
<uses-permission android:name="android.permission.INTERNET" />
```

సర్వర్‌ని ఫ్రీ హోస్టింగ్‌లో పెట్టాం. అలాంటి చోట కాసేపు ఎవరూ వాడకపోతే సర్వర్ నిద్రపోతుంది, మొదటి రిక్వెస్ట్‌కి లేవడానికి చాలా సేపు తీసుకుంటుంది. యాప్‌లో మా టైమౌట్ పది సెకన్లు, కాబట్టి పొద్దున్నే మొదట తెరిచినవాళ్లకి ఎర్రర్ వచ్చేది. టైమౌట్ పెంచి "సర్వర్ మొదలవుతోంది" అని చూపించాం, రివ్యూ రోజు మాత్రం మా వంతు రావడానికి పది నిమిషాల ముందే ఒకరు యాప్ తెరిచి పెట్టుకోవాలని ప్లాన్‌లోనే రాశాం.

తొమ్మిదో వారం శుక్రవారం కోత రోజు. దాన్ని మొదటి వారంలోనే తేదీతో సహా పెట్టుకున్నాం. ఆ రోజు తప్పనిసరి గడిలో ఏవైనా మిగిలి ఉంటే రెండో గడిలోంచి కింద నుంచి పైకి కొట్టేసుకుంటూ రావాలి, ఎవరికి ఏది ఇష్టమన్నది లెక్క కాదు. గడువు దాటినవాళ్ల లిస్టు ఇంకా ఉంది. నోటిఫికేషన్లు పోయాయి. క్యూఆర్ దగ్గర కాస్త గొడవైంది, మావాడు ఒకడు దాని కోసం ఇంట్లో అప్పటికే సగం చేసి తెచ్చాడు. "రేయ్, కెమెరా పర్మిషన్ నుంచి స్టిక్కర్లన్నీ మళ్లీ ప్రింట్ చేసి అంటించేదాకా ఉంది ఇది, ఎవరు అంటిస్తారు?" అంటే వాడే ఆలోచించి వదిలేశాడు. ఉన్న స్టిక్కర్ మీద మూడంకెల నంబర్ ఉంది, అన్న స్క్రీన్‌లో అంకెల కీబోర్డ్ తెరుచుకునేలా పెట్టాం. రెండో గడిలో నెలవారీ రిపోర్ట్ ఒక్కటే మిగిలింది, అది మేడమ్‌కి మాటిచ్చింది కాబట్టి.

పదో వారంలో గడువు దాటినవాళ్ల లిస్టు, రిపోర్ట్. పదకొండులో ఒక వారం ల్యాబ్‌లో నిజంగా నడిపాం, రిజిస్టర్ పక్కనే ఉంచి. సాయంత్రం రెండూ పోల్చి చూసేవాళ్లం. రిజిస్టర్‌లో ఉండి యాప్‌లో లేని ఎంట్రీలు దాదాపు అన్నీ ల్యాబ్ వదిలే ఐదు నిమిషాల్లోవే, అప్పుడు పదిమంది ఒకేసారి సామాన్లు తెచ్చి బల్ల మీద పెట్టేస్తారు. మా తిరిగి తీసుకునే స్క్రీన్‌లో ఒక్కో దానికి నంబర్ కొట్టి, స్టూడెంట్ పేరు చూసి, ఓకే నొక్కి, మళ్లీ వెనక్కి రావాలి. అన్న అంత ఓపిగ్గా చేసే పరిస్థితి కాదు. పన్నెండో వారం మొత్తం దీనికే ఇచ్చాం: నంబర్ కొట్టి ఎంటర్ నొక్కితే కింద లిస్టులో చేరుతుంది, వెంటనే ఇంకో నంబర్ కొట్టొచ్చు, చివర్లో ఒకేసారి ఓకే. కిట్‌లో కేబుల్ తగ్గిందనుకోండి, ఆ వరుస పక్కన నొక్కి ఒక మాట రాయొచ్చు. ఈ స్క్రీన్ మా మొదటి పంతొమ్మిదిలో ఎక్కడా లేదు, కానీ అన్నకి నచ్చింది ఇదే. వారం ప్లాన్‌లో ట్రయల్ తర్వాత ఒక వారం ఖాళీగా, పేరేమీ రాయకుండా వదిలిపెట్టడం ఎందుకు అవసరమో నాకు అప్పుడు పూర్తిగా అర్థమైంది.

పన్నెండో వారం చివర కోడ్ ఆపేశాం. ఆ తర్వాత బగ్ సరిచెయ్యొచ్చు, కొత్త స్క్రీన్ మాత్రం వద్దు, ఒక బటన్ కూడా. పదమూడు మిడ్స్. పద్నాలుగు, పదిహేనులో రిపోర్ట్, అప్పటికే ఎవరి భాగం వాళ్లు వారం వారం రాసుకుంటూ వచ్చారు కాబట్టి కలపడం, బొమ్మలు గీయడం, ఫార్మాట్ సరిచెయ్యడమే మిగిలింది. టెస్టింగ్ చాప్టర్‌లో ఊహించి రాసిన పట్టికలు పెట్టలేదు, శుక్రవారాల అయింది, కాలేదు కాగితాలే పట్టికగా ఎక్కించాం, కాలేదు అని ఉన్నవాటితో సహా. పక్కన ఎందుకు కాలేదు, ఎప్పుడు అయింది అని రాశాం. వైవాలో ఎక్స్‌టర్నల్ సార్ ఆ పట్టిక దగ్గరే ఆగి, ఏడో వారం తిరిగి తీసుకోవడం ఎందుకు కాలేదు అని అడిగారు, అక్కడి నుంచి మాట ఇండెక్స్ మీదకి వెళ్లింది. అప్పుడు జవాబు చెప్పింది మాలో తక్కువ మాట్లాడే అమ్మాయి, రెండు ఫోన్లు బల్ల మీద పెట్టి, ఆలస్యం పెట్టిన బిల్డ్ తెరిచి, సార్‌ని ఒకటి నొక్కమని తను ఇంకోటి నొక్కింది.

వైవా అయ్యాక ఒక పూట ల్యాబ్‌లో కూర్చుని డేటాబేస్ బ్యాకప్ ఎలా తియ్యాలో, కొత్త బ్యాచ్ రోల్ నంబర్లు ఎలా ఎక్కించాలో అన్నకి ఒక పేజీలో రాసిచ్చాం, సర్వర్ అకౌంట్‌ని డిపార్ట్‌మెంట్ మెయిల్ ఐడీకి మార్చాం. మూడు గళ్ల కాగితం, వారాల ప్లాన్ కూడా ఆ ఫైల్‌లోనే ఉన్నాయి. మీరు నోటిఫికేషన్లు చేద్దామనుకుంటే, అవి దేని మీద ఆధారపడ్డాయో రెండో గడిలో రాసి ఉంది, అక్కడి నుంచి మొదలుపెట్టండి.